మూత్రంలో 180

యాభై ఎనిమిదేళ్ల బస్సు కండక్టరు. ఆరేళ్లుగా షుగరు ఉంది. రోజుకు రెండు పూటలా మెట్‌ఫార్మిన్ 1000 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాడు. గుండె జబ్బు లేదు, ఒంట్లో నీరు లేదు. రెండు వేర్వేరు రోజుల్లో చూసినా బీపీ 146/92 దగ్గరే ఉంది. మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.1 శాతం. క్రియాటినిన్ 1.2, పొటాషియం 4.4. మూత్రంలో అల్బుమిన్, గ్రాము క్రియాటినిన్‌కు 180 మిల్లీగ్రాములు. రెండు నెలల తర్వాత మళ్లీ చూస్తే దాదాపు అంతే. బీపీకి మొదట ఏ మందు మొదలుపెట్టాలి? ఆమ్లోడిపిన్, అటెనొలాల్, టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్, ప్రజోసిన్.

జనరల్ మెడిసిన్ పరీక్షల్లో ఈ కండక్టరు ఏటా ఏదో ఒక వేషంలో కనిపిస్తూనే ఉంటాడు. ఎంబీబీఎస్ ముగించి నీట్ పీజీకి కూర్చున్నవారికి రెండొందల ప్రశ్నల్లో ఒకడిగా ఎదురవుతాడు. ఎండీ విద్యార్థికి వార్డులో ‘కేసు’గా మంచం మీద కూర్చుని ఉంటాడు. లండన్ వైపు చూసేవారికి ఎంఆర్‌సీపీలో, అమెరికాలో రెసిడెన్సీ పూర్తిచేసినవారికి అక్కడి బోర్డు పరీక్షలో తగులుతాడు. మన తెలుగు డాక్టర్లు ఈ నాలుగు చోట్లా ఉన్నారు కాబట్టి, ఒకే రోగిని నాలుగు రకాలుగా కలిసినవాళ్లు కూడా మనలోనే దొరుకుతారు.

ప్రశ్న చదవగానే కన్ను 146/92 మీద పడుతుంది. కానీ మందును తేల్చేది ఆ అంకె కాదు. చివర్లో, అలవాటుగా రాసినట్టు రాసిన 180.

అల్బుమిన్ రక్తంలో ఉండాల్సిన ప్రొటీను. కిడ్నీ వడపోత గట్టిగా ఉంటే అది మూత్రంలోకి దిగదు. దిగినా గ్రాము క్రియాటినిన్‌కు ముప్ఫై మిల్లీగ్రాముల లోపే. ముప్ఫై దాటిందంటే జల్లెడ కన్నాలు పెద్దవవుతున్నాయని, మూడొందలు దాటితే నష్టం ముదిరిందని అర్థం. అయితే జ్వరం వచ్చినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, ముందురోజు ఒళ్లు హూనమయ్యేలా పని చేసినా ఈ అంకె పెరుగుతుంది. అందుకే మూడు నుంచి ఆరు నెలల్లో చేసిన మూడు పరీక్షల్లో రెండైనా ఎక్కువగా ఉంటేనే దాన్ని నమ్ముతారు. ప్రశ్నలో ‘మళ్లీ చూస్తే దాదాపు అంతే’ అన్న మాట ఊరికే రాలేదు. ఆ మాట లేకపోతే, ముందు పరీక్ష మళ్లీ చేయించడమే సరైన జవాబయ్యే ప్రశ్నలూ ఉంటాయి.

కాబట్టి జవాబు టెల్మిసార్టాన్. ఆ చోట రామిప్రిల్ లాంటి మందు ఇచ్చినా సరే. రెండూ కలిపి ఇవ్వాలన్న ఆప్షన్ మాత్రం వల. రెండు కలిస్తే రెట్టింపు మేలు జరుగుతుందని ఒకప్పుడు ఆశపడ్డారు. 2008లో వెలువడిన ఆన్‌టార్గెట్ అధ్యయనంలో జంటగా వాడినవాళ్లకు గుండెకు అదనపు రక్షణ దొరకలేదు సరికదా, కళ్లు తిరగడం, కిడ్నీ దెబ్బతినడం ఎక్కువైంది.

ఈ మందుల వంశం కథ బ్రెజిల్ పాముతో మొదలవుతుంది. జరారాకా అనే రక్తపింజరి జాతి పాము కాటేస్తే బీపీ పడిపోతుంది. దాని విషంలోని పదార్థాలను బ్రెజిల్ శాస్త్రవేత్త సెర్జియో ఫెరీరా వెలికితీశాడు. ఆ దారిలోనే స్క్విబ్ కంపెనీలో కష్‌మన్, ఒండెట్టి కాప్టోప్రిల్‌ను తయారుచేశారు. 1981లో అది బీపీ మందుగా అమెరికాలో అనుమతి పొందింది. ఇంకో పన్నెండేళ్లకు, 1993లో, అసలు విశేషం బయటపడింది. చిన్ననాటి షుగరు రకంతో కిడ్నీ దెబ్బతిన్న 409 మందిని రెండు గుంపులు చేసి చూస్తే, కాప్టోప్రిల్ వేసుకున్నవారిలో మరణం, డయాలిసిస్, కిడ్నీ మార్పిడి దాకా వెళ్లే ప్రమాదం సగానికి తగ్గింది. బీపీ తగ్గించడం ఒక్కటే అయితే ఇంత మేలు రాదు. కండక్టరుకున్న రకం షుగరులో ఇదే పని లోసార్టాన్, ఇర్బెసార్టాన్ చేస్తాయని 2001లో తేలింది. ప్రశ్నపత్రంలోని ఆ 180 వెనుక ఉన్నది ఈ చరిత్రే.

మిగతా ఆప్షన్లు ఎందుకు కావో చెప్పగలిగితేనే పేపర్ చదివినట్టు. ఆమ్లోడిపిన్ చెడ్డ మందేమీ కాదు. తెలంగాణతో సహా అయిదు రాష్ట్రాల్లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చే మామూలు బీపీ రోగికి చాలాచోట్ల అదే మొదటి మెట్టు. చవక, రక్తపరీక్షలు అక్కర్లేదు. బ్రిటన్ నియమాల్లో కూడా యాభై అయిదు దాటినవారికి మొదటి మందు ఆ వంశానిదే. మన కండక్టరుకు యాభై ఎనిమిది. ఎంఆర్‌సీపీకి వయసు పట్టిక బట్టీపట్టి వెళ్లిన అభ్యర్థి ఇక్కడే ఆమ్లోడిపిన్ మీద టిక్కు పెట్టేస్తాడు. అదే పట్టికలో ఇంకో వాక్యం ఉంది: షుగరు ఉంటే వయసు చూడొద్దు, కిడ్నీని కాచే మందుతోనే మొదలుపెట్టు. ప్రశ్న తయారుచేసినవారు వయసును యాభై అయిదుకు ఇటువైపు ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలుస్తుంది.

అటెనొలాల్‌ది వేరే తంటా. చక్కెర హఠాత్తుగా పడిపోయినప్పుడు ఒళ్లు ముందే హెచ్చరిస్తుంది: గుండె దడ, చేతుల వణుకు, చెమట. అటెనొలాల్ వంశం దడనూ వణుకునూ అణిచేస్తుంది. చెమటను మాత్రం ఆపలేదు, ఎందుకంటే చెమట గ్రంథులకు కబురు మోసే రసాయనం వేరు. ‘ఏ లక్షణం మిగులుతుంది?’ అన్న ఒక్క మార్కు ప్రశ్న ఇందులోంచే పుడుతుంది. ఇదే కండక్టరుకు ఆర్నెల్ల కిందట గుండెపోటు వచ్చిందని ఒక్క ముక్క చేరిస్తే అటెనొలాల్ బంధువులకు కూడా చోటు దొరుకుతుంది. అందుకే ‘గుండె జబ్బు లేదు’ అని ముందే రాశారు.

ఇంతవరకు చాలామంది దాటేస్తారు. పడిపోయేది రెండో ప్రశ్న దగ్గర.

టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాములు మొదలుపెట్టి రెండు వారాలైంది. కండక్టరు కులాసాగా ఉన్నాడు. బీపీ 138/86. కానీ క్రియాటినిన్ 1.2 నుంచి 1.5కు చేరింది. పొటాషియం 5.1. ఇప్పుడేం చేయాలి? మందు ఆపాలా, ఆమ్లోడిపిన్‌కు మార్చాలా, కిడ్నీ రక్తనాళాలకు స్కాన్ తీయించాలా, మందు కొనసాగించి మళ్లీ పరీక్ష చేయాలా?

కిడ్నీని కాపాడతానని ఇచ్చిన మందు కిడ్నీనే పాడుచేస్తోందన్నట్టు కనిపిస్తుంది. ల్యాబ్ రిపోర్టులో ఎర్రగీత పడిన అంకె చూసి ఇంట్లో తమంతట తామే మాత్ర మానేసే రోగులు ఎందరో; ఆపేయమని చెప్పే డాక్టర్లూ లేకపోలేదు. సరైన జవాబు: కొనసాగించి, ఒకటి రెండు వారాల్లో మళ్లీ చూడాలి.

ఎందుకో తెలియాలంటే అనంతపురం తోటల్లో పరిచే డ్రిప్ పైపును గుర్తుచేసుకోవాలి. పైపు చివర మూత బిగిస్తే లోపల ఒత్తిడి పెరిగి కన్నాల్లోంచి నీళ్లు జోరుగా కారతాయి. మూత కొంచెం వదులు చేస్తే ఒత్తిడి తగ్గి చుక్కలు నెమ్మదిస్తాయి. కిడ్నీలోని ఒక్కో వడపోత గుత్తికి రక్తం తెచ్చే సన్నని నాళం ఒకటి, తీసుకుపోయేది ఒకటి ఉంటాయి. యాంజియోటెన్సిన్ అనే రసాయనం ఆ రెండో నాళాన్ని బిగించి లోపల ఒత్తిడి పెంచుతుంది. షుగరు ఉన్నవారిలో ఏళ్ల తరబడి ఆ ఒత్తిడికే జల్లెడ చిల్లులు పడతాయి, అల్బుమిన్ కారుతుంది. టెల్మిసార్టాన్ ఆ బిగువును సడలిస్తుంది. ఒత్తిడి తగ్గితే వడపోత కాస్త నెమ్మదిస్తుంది, క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది. ఆ పెరుగుదల మందు పనిచేస్తోందనడానికి గుర్తు.

అయితే ఆ ‘కాస్త’కు హద్దుంది. మొదటి అంకె మీద క్రియాటినిన్ ముప్ఫై శాతం దాకా పెరగడాన్ని భరించవచ్చు. 1.2కు 1.5 అంటే పెరిగింది 0.3, అంటే ఇరవై అయిదు శాతం. వయసును కలిపి లెక్కవేసే వడపోత వేగం నిమిషానికి 70 నుంచి 54 మిల్లీలీటర్లకు వచ్చింది, ఇరవై మూడు శాతం తగ్గుదల. బ్రిటన్ నియమం ప్రకారం ఇది ఇరవై అయిదు లోపు ఉండాలి, ఉంది. పరీక్ష హాలులో ఈ లెక్కకు పట్టేది పది సెకన్లు. లెక్క వేయకుండా ‘పెరిగిందిగా’ అని భయపడినవారికే మార్కు పోతుంది.

అదే క్రియాటినిన్ 2.0 అయి ఉంటే కథ పూర్తిగా మారేది. దాదాపు అరవై ఏడు శాతం పెరుగుదల అది. మందు ఆపాలి, రెండు కిడ్నీలకూ రక్తం తెచ్చే పెద్ద నాళాలు ముడుచుకుపోయాయేమో చూడాలి. అలాంటి రోగికి ఆ రెండో నాళపు బిగువే ప్రాణాధారం, దాన్ని సడలిస్తే వడపోతే ఆగిపోతుంది. పేపర్ సెట్టర్లు ఈ రోగిని చూపాలనుకుంటే బొడ్డు దగ్గర వినిపించే రక్తపు హోరో, ఉన్నట్టుండి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయాసపడిన రాత్రో, ఏళ్ల తరబడి కాల్చిన చుట్టో ప్రశ్నలో వదిలిపెడతారు. మన కండక్టరు కథలో అవేవీ లేవు.

పొటాషియం 5.1 సంగతేమిటి? ఆందోళన అక్కర్లేదు గాని, పట్టించుకోవాలి. ఈ మందులు పొటాషియాన్ని ఒంట్లోనే నిలబెడతాయి. అది అయిదు దాటి ఉంటే బ్రిటన్ నియమాల్లో మందు మొదలుపెట్టరు. మొదలుపెట్టాక ఆరుకు చేరితే ఆపేస్తారు. ఈ మధ్యలో ఉన్నప్పుడు డాక్టరు అడగాల్సింది మందు గురించి కాదు, ఇంటి గురించి. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో కొనుక్కుంటున్న మాత్ర ఏదైనా ఉందా? ఆ నొప్పి మాత్రలు రక్తం తెచ్చే మొదటి నాళాన్ని కుదిస్తాయి. అటు కుదించి ఇటు సడలిస్తే వడపోత రెండువైపులా దెబ్బతింటుంది. బీపీకి మంచిదని ఎవరో చెబితే ‘తక్కువ సోడియం ఉప్పు’ కొంటున్నాడా? అందులో సోడియం స్థానంలో కలిపేది పొటాషియమే. ఎండాకాలం డ్యూటీలో రోజుకు రెండు మూడు కొబ్బరి బోండాలు తాగుతున్నాడా? మామూలు మనిషికి చలవ చేసే ఆ నీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది. ఎంఆర్‌సీపీ పేపర్లో కొబ్బరి బోండం రాదు. మన వార్డు పరీక్షలో మాత్రం ఎగ్జామినర్ అడిగే తొలి ప్రశ్నల్లో అదొకటి కావచ్చు.

ఇక చక్కెర. హెచ్‌బీఏ1సీ 8.1, మెట్‌ఫార్మిన్ పూర్తి మోతాదులో ఉంది. రెండో మందేమిటి? పదేళ్ల కిందటి పుస్తకం చదివినవారు గ్లిమెపిరైడ్ అంటారు. చవక, చక్కెరను గట్టిగా దించుతుంది. ఇప్పటి పేపర్లో ఆ జవాబు రాస్తే మార్కు రాదు, కారణం మళ్లీ ఆ 180. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ వంశం గుండెకూ కిడ్నీకీ మేలు చేస్తుందని 2015 నుంచి వరుసగా పెద్ద అధ్యయనాలు తేల్చాయి. కిడ్నీ నష్టం మొదలైన షుగరు రోగికి హెచ్‌బీఏ1సీ ఎంతున్నా ఇవి ఇవ్వాలన్నదే నేటి మాట. మన దేశంలో 2020లో డాపాగ్లిఫ్లోజిన్, 2025లో ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్లు ముగిసి ధరలు దిగాక, ఈ జవాబు పరీక్ష కాగితం దాటి చిన్న ఊళ్ల చీటీల మీదకూ వచ్చింది.

ఈ మందు రక్తంలోని చక్కెరను మూత్రంలోకి పంపేస్తుంది. కాబట్టి ఇది వాడుతున్న మనిషి మూత్రంలో చక్కెర నాలుగు ప్లస్‌లు కనిపిస్తుంది, రక్తంలో ఎంత బాగున్నా సరే. ‘మూత్రంలో చక్కెర ఎక్కువగా ఉంది, ఇన్సులిన్ పెంచాలా?’ అన్నది దీని మీద అల్లే వల. ఇంకోటి నిజంగా ప్రమాదకరం. వాంతులతో, ఉపవాసంతో, ఆపరేషన్‌కు ముందు తిండి మానేసిన స్థితిలో ఈ మందు వేసుకుంటే, చక్కెర పెద్దగా పెరగకుండానే రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్ రావచ్చు. గ్లూకోమీటర్ 180 చూపిస్తోందని ధీమాగా ఉంటే రోగి చేయి జారతాడు. కడుపునొప్పి, వాంతులు, వేగంగా ఊపిరి కలిసి వస్తే చక్కెర అంకెతో పనిలేకుండా కీటోన్లు చూడాలి. ముందే నిర్ణయించిన ఆపరేషన్ అయితే మూడు రోజుల ముందు మాత్ర ఆపమంటారు.

మళ్లీ హెచ్‌బీఏ1సీ ఎప్పుడు చూడాలన్నది చిన్న ప్రశ్నే, కానీ తరచూ తప్పుతారు. ఎర్ర రక్తకణం దాదాపు నూట ఇరవై రోజులు బతుకుతుంది, ఆ కాలమంతా చక్కెర దానికి అంటుకుంటూ పోతుంది. మందు మార్చిన నెలకే చూస్తే సగం పాత చరిత్రే కనిపిస్తుంది. మూడు నెలలు ఆగాలి. లక్ష్యం అందాక ఆరు నెలలకోసారి చాలు. కణం ఆయుష్షు మారితే ఈ అంకె అబద్ధం చెబుతుంది. ఇనుము లోపంతో రక్తహీనత ఉన్న స్త్రీకి నిజం కంటే ఎక్కువ చూపిస్తుంది, కణాలు త్వరగా చితికిపోయే జబ్బుల్లో తక్కువ చూపిస్తుంది. ఇంట్లో గ్లూకోమీటర్ అంకెలు ఒకలా, హెచ్‌బీఏ1సీ ఇంకోలా ఉన్నాయని ప్రశ్నలో రాశారంటే హిమోగ్లోబిన్ ఎంతో వెతుక్కోవాలి.

లక్ష్యం ఏడు శాతం లోపు అన్నది కూడా అందరికీ కాదు. 2008లో అమెరికాలో అకార్డ్ అధ్యయనం పదివేల మందికి పైగా రోగులతో ఒక పందెం కాసింది: చక్కెరను ఆరు శాతం లోపుకు నొక్కితే గుండె బాగుపడుతుందా? ఆ గుంపులోనే ఎక్కువమంది చనిపోతుండటంతో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. అప్పటినుంచి పరీక్షల్లోకి ఒక బామ్మ వచ్చి చేరింది. డెబ్బై ఎనిమిదేళ్లు, గ్లిబెన్‌క్లమైడ్ వాడుతోంది, తెల్లవారుజామున తూలి పడింది, హెచ్‌బీఏ1సీ 6.2. రిపోర్టు ఎంత బాగుందో అని మురిసిపోయే అంకె అది. జవాబు మందు తీసేయడం. అలాంటి మనిషికి ఎనిమిది దగ్గర ఉన్నా చాలు. ఏ మందు చేర్చాలన్న ఆప్షన్లు నాలుగు, తీసేయాలన్నది ఒకటి ఇచ్చినప్పుడు, చదువుకున్న చేయి చేర్చడం వైపే పోతుంది.

కండక్టరు మూడు నెలల తర్వాత తిరిగొస్తాడు. నొప్పి మాత్రలు మానాడు, క్రియాటినిన్ 1.4 దగ్గర నిలిచింది, పొటాషియం 4.7కు దిగింది, టెల్మిసార్టాన్ 80కి పెంచారు, ఎంపాగ్లిఫ్లోజిన్ పడుతోంది. హెచ్‌బీఏ1సీ 6.9. మూత్రంలో 180 కాస్తా 90 అయింది. బీపీ 134/82. బీపీకి ఇంకో మందు చేర్చాలా?

బీపీ లక్ష్యం మీద ముప్ఫై ఏళ్లుగా వాదన నడుస్తోంది. 1998లో బ్రిటన్ అధ్యయనం యూకేపీడీఎస్‌లో గట్టి చికిత్స గుంపు చేరింది 144/82కు మాత్రమే, అదే అప్పట్లో గొప్ప మేలు చేసింది. 2010లో అకార్డ్ పై అంకెను 120 లోపుకు దించి చూస్తే పక్షవాతం తగ్గింది గాని, మొత్తం మీద గెలుపు తేలలేదు. 2024లో చైనాలో పన్నెండు వేలకు పైగా షుగరు రోగులతో చేసిన బీప్రోడ్‌లో అదే 120 గెలిచింది. ఈ వాదన ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టి ఒక్కో దేశం గీత ఒక్కో చోట గీసుకుంది.

అమెరికా బోర్డు పేపర్లో లక్ష్యం 130/80 లోపు. 134/82 దాన్ని దాటింది, కాబట్టి ఆమ్లోడిపిన్ చేర్చడమే జవాబు. ఎంఆర్‌సీపీలో ఈ మనిషి వేరే అంకెలతో వస్తాడు. మొదటి రోజు క్రియాటినిన్ 106, హెచ్‌బీఏ1సీ 65, మూత్రంలో అల్బుమిన్ 20, ఎందుకంటే అక్కడ కొలమానాలే వేరు. అక్కడి గీత 140/90. మందు మార్చొద్దు, ఇలాగే చూస్తూ ఉండాలన్న ఆప్షన్‌కే మార్కు. నల్గొండ దగ్గర ఏ ఆరోగ్య కేంద్రంలోనో నర్సు రాసే బీపీ కార్డు మీద కూడా గీత 140/90 దగ్గరే, అక్కడ కండక్టరు పేరు ఎదురుగా ‘అదుపులో ఉంది’ అని పడుతుంది. మూడు చోట్లా మనిషి ఒకడే, యంత్రం చూపించిన అంకె ఒకటే. ఒకచోట చేతిలో కొత్త చీటీతో బయటికొస్తాడు, రెండుచోట్ల పాత మాత్రలతోనే బస్సెక్కుతాడు.